లోపలి కుట్టు కూడా ఫొటో తీశాను

నా పెళ్లి లెహంగా ఈరోజు అమ్మకానికి పెట్టాను. "ఒక్కసారే వేసుకున్నది, కొత్తదానిలా ఉంది" అని రాసేయమంది అక్క. నాకు మనసొప్పలేదు. ఒక్కసారే అయినా గంటల తరబడి లైట్ల వేడిలో, చెమటలో ఉన్న బట్ట అది. కొనే అమ్మాయికి కూడా అది పెళ్లి బట్టే కదా.

డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేముందే పగటి వెలుతురులో తిరగేసి చూశాను. కూల్‌డ్రింక్ ఒలికిన చోట కంటికి ఏమీ కనబడలేదు గానీ, వేలితో తడిమితే బిరుసుగా తగిలింది. తీపి మరకలతో వచ్చే చిక్కే ఇది. మొదట కనబడవు, నెలలు గడిచాకో, ఇస్త్రీ వేడి తగిలాకో గోధుమరంగుకు తిరుగుతాయి. డ్రైక్లీనింగ్‌లో వాడే ద్రావకం జిడ్డును వదిలిస్తుంది కానీ చక్కెరను కరిగించలేదు. దానికి నీటి తడి తగలాల్సిందే. అందుకే అక్కడ తెల్లదారంతో ఒక టాకా వేసి, ఇది తీపి మరక అని విడిగా చెప్పి ఇచ్చాను. అది పోయింది. చంకల దగ్గర లైనింగ్‌లో మాత్రం కొద్దిగా పసుపు ఛాయ మిగిలింది. దాన్నీ దగ్గరగా ఫొటో తీసి పెట్టాను.

ఎక్కువసేపు పట్టింది కొలతలకే. 'మీడియం' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. బ్లౌజ్‌కి హుక్స్ పెట్టి నేలమీద పరిచి, చంక నుంచి చంకకు టేపు పెడితే 17 అంగుళాలు వచ్చింది. అంటే చుట్టూ 34. మరి ఎంత లూజ్ చేయొచ్చు? పక్క కుట్లు రెండు, ఒక్కోదానిలో ముందు ముక్క, వెనక ముక్క. ఆ నాలుగు అంచుల్లోనూ అంగుళం చొప్పున బట్ట లోపల ఉంది. కొత్త కుట్టుకు ఒక్కో అంచున పావు అంగుళం వదిలినా 3 అంగుళాలు పెంచొచ్చు అనిపిస్తుంది. కానీ ఎంబ్రాయిడరీ కుట్టు దాటి అర అంగుళమే లోపలికి వెళ్లింది, ఆ తర్వాత ఖాళీ గుడ్డే. కాబట్టి అందంగా పెరిగేది 2 అంగుళాలే, 36 వరకు. పాత కుట్టు విప్పితే సూది రంధ్రాల గీత కొంచెం కనబడొచ్చని కూడా రాశాను.

లెహంగా పొడవు 41 అంగుళాలు. కింద బోర్డర్ పాడవకూడదని నడుము దగ్గర కత్తిరించి పొట్టి చేయించాం, కాబట్టి ఇక పెరగదు. మూడంగుళాల హీల్స్‌తో నాకు నేలకు తాకీ తాకనట్టు ఉండేది.

రాత్రికి ఒకమ్మాయి అడిగింది, "నా కొలత 38, ఎలాగైనా సరిపోతుందా అండీ?" అని. పక్కల్లో వేరే గుడ్డ అతకాలి, చంక గుండ్రం కూడా మార్చాలి, అప్పుడు చేతులు పట్టేస్తాయి, వద్దమ్మా అని చెప్పాను.