తొమ్మిది మెట్లు ఇరవై మూడయ్యాయి

మెక్సికో నగరంలో మాకు దొరికిన గది పాత ఊరి నడిబొడ్డున, ఓ పాత మేడ రెండో అంతస్తులో. కింద బండి దగ్గర కొన్న మొక్కజొన్న పొత్తులతో పాటు ఇచ్చిన నిమ్మకాయ ఒకటి మిగిలితే, మా అబ్బాయి దాన్ని గచ్చు మీద పెట్టాడు. ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా కదిలి, మంచం కిందనుంచి దొర్లుకుంటూ పోయి గోడ మూలన తగిలింది. వాడు మళ్లీ తెచ్చి పెట్టాడు. మళ్లీ అదే మూలకి.

"నాన్నా, ఈ ఇల్లు పడిపోతుందా?"

"ఇన్నాళ్లు పడలేదుగా. నాలుగు రోజులు ఆగుతుందిలే" అన్నాను గానీ, ఆ రాత్రి నాకూ కొంచెం టెన్షన్‌గానే ఉంది.

వాడు హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తాడు. అక్కడినుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు, అంతే. నేను రాయలసీమలో ముప్పై ఏళ్లు బోరు పాయింట్లు పెట్టి రిటైరైనవాణ్ణి. వాడు పిరమిడ్లు చూపిద్దామని తీసుకొచ్చాడు. నేను మాత్రం భూమిలోంచి నీళ్లు తోడితే ఊరు ఏమవుతుందో చూద్దామని వచ్చాను. దానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

పొద్దున్నే రెఫోర్మా రోడ్డులో ఉన్న స్వాతంత్ర్య స్తంభం దగ్గరికి వెళ్లాం. పైన బంగారు రంగు రెక్కల దేవత. అందరూ తలెత్తి ఆమెను చూస్తారు, నేను మెట్లు చూశాను. 1910లో దాన్ని కట్టినప్పుడు రోడ్డు నుంచి పీఠం పైకి తొమ్మిదే మెట్లు. తర్వాత పద్నాలుగు మెట్లు కలపాల్సి వచ్చింది. స్తంభాన్ని లోతుకు దించిన పునాది మోస్తోంది, రోడ్డును మోసేది మాత్రం మెత్తటి మట్టి. ఆ మట్టి దిగిపోతూ ఉంటే స్తంభం పైకి లేచినట్టు కనిపించింది. అడుగున కలిపిన మెట్ల దగ్గర నిలబడి మావాడి భుజాల ఎత్తు ఎక్కడికొస్తుందో చూసుకున్నాను. నేల వాడి నిలువెత్తుకు మించే దిగి ఉంటుంది.

నాకు మా బోర్లు గుర్తొచ్చాయి. ఈ ఊళ్లో పాత బోరుబావుల కేసింగ్ పైపులు ఏళ్లు గడిచేకొద్దీ నేల మీదికి పొడుచుకొస్తాయి. చూసేవాడికి పైపు మొలిచినట్టుంటుంది. పైపు అడుగు గట్టి పొర మీద ఆనుకుని కదలదు, చుట్టూ ఉన్న నేలే కుంగుతుంది. స్తంభమూ అంతే, రాతితో చేసిన పెద్ద కేసింగ్.

ఇదంతా ఒకప్పుడు చెరువు. స్పెయిన్ వాళ్లు రాకముందు ఇక్కడ ఏలిన అజ్తెకులు టెక్స్‌కోకో సరస్సు మధ్య దీవి మీద తమ నగరం కట్టుకున్నారు. స్పెయిన్ వాళ్లు వచ్చి దాన్ని కూల్చి, అదే రాయితో అదే చోట తమ ఊరు లేపారు. ఆ తర్వాత శతాబ్దాల తరబడి సరస్సు నీళ్లను కొండలు దాటించి బయటికి పంపేశారు. నీళ్లు పోయాయి, అడుగున ఒండ్రు మిగిలింది. అది మన గోదావరి ఒండ్రు లాంటిది కాదు. అగ్నిపర్వతాల బూడిద నీళ్లలో పడి మారిన బంకమట్టి. పై పొరలో చాలాచోట్ల మట్టి బరువుకి మూడు నాలుగు రెట్లు బరువైన నీళ్లుంటాయి. చేత్తో పట్టుకుంటే మట్టిలా ఉన్నా, చాలా మటుకు నీళ్లే. దాని కిందెక్కడో ఇసుకా గులకరాళ్ల పొరలున్నాయి. బోర్లు తోడేది ఆ పొరల్లోంచే.

మధ్యాహ్నం తోర్రె లాటినోఅమెరికానా ఎక్కాం. 1956లో ప్రారంభమైన నలభై నాలుగు అంతస్తుల భవనం, 1957, 1985 భూకంపాలను తట్టుకుని నిలిచింది. పైనుంచి చూస్తే చుట్టూ కొండలు, మధ్యలో పళ్లెంలా చదునుగా ఊరు. ఆ పళ్లెమే సరస్సు. అక్కడ నిలబడి మావాడు అడిగాడు:

"కింద ఇసుకలోంచి కదా తోడుతున్నారు. మరి పైనున్న బంకమట్టి ఎందుకు కుంగుతుంది?"

మంచి ప్రశ్న. మా ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్లు కూడా తడబడేది ఇక్కడే. భూమిలో ఏ లోతులోనైనా పైనున్న బరువును రెండు కలిసి మోస్తాయి: మట్టి రేణువుల కూర్పు, ఆ రేణువుల మధ్య నీటి ఒత్తిడి. పైన బరువు అదే. బోర్లు వేసి కింది పొరలో నీటి మట్టాన్ని ఒక మీటరు దింపితే, నీరు మోస్తున్న బరువులో చదరపు మీటరుకి దాదాపు ఒక టన్ను రేణువుల నెత్తిన పడుతుంది. ఇరవై మీటర్లు దింపితే ఇరవై టన్నులు. ఇసుక రేణువులు గట్టివి, అవి పెద్దగా కుంగవు. కానీ కింద ఒత్తిడి తగ్గేసరికి బంకమట్టిలోని నీళ్లు మెల్లగా అటువైపు జారతాయి. నీళ్లు పోయినచోట రేణువులు దగ్గరికి నలుగుతాయి. పొర పలచబడుతుంది, పైన ఊరు దిగుతుంది.

మెల్లగా అన్నది ఇక్కడ చాలా ముఖ్యమైన మాట. బంకమట్టిలో నీరు కదలడానికి ఏళ్లు పడుతుంది. పొర మందం రెట్టింపైతే పట్టే కాలం నాలుగు రెట్లవుతుంది. అందుకే ఈ రోజు మోటార్లన్నీ ఆపేసినా, నిన్నటి తోడకానికి మందపు పొరలు ఇంకా లెక్క చెల్లిస్తూనే ఉంటాయి.

నబోర్ కరీయో అనే ఇంజనీరు 1940ల చివర్లోనే ఈ సంగతి లెక్కలతో తేల్చాడు: ఊరు కుంగడానికి కారణం కట్టడాల బరువొక్కటే కాదు, బోర్లు. అప్పట్లో నడి ఊరు ఏడాదికి నలభై సెంటీమీటర్లకు పైగా దిగిన చోట్లున్నాయి. 1950లలో ఊరి మధ్యనున్న బోర్లు మూయించారు. అక్కడ వేగం బాగా తగ్గింది. అయితే జనం దాహం తగ్గదు కదా. బోర్లు దక్షిణానికి, తూర్పుకి జరిగాయి. కుంగుడు కూడా వాటి వెంటే వెళ్లింది. ఇప్పుడు తూర్పున కొన్ని చోట్ల ఏడాదికి యాభై సెంటీమీటర్ల దాకా దిగుతోంది. రోగం తగ్గలేదు, చోటు మారింది.

మర్నాడు స్పెయిన్ వాళ్లు కట్టిన పెద్ద చర్చి, కెథెడ్రల్‌కి వెళ్లాం. నేను ఈ ప్రయాణంలో ఎక్కువసేపు నిలబడింది అక్కడే. లోపల గోపురం నుంచి ఒక పెద్ద తూకపు గుండు తీగకి వేలాడుతోంది, మేస్త్రీలు గోడకి పట్టే తూకు లాంటిదే. కింద నేల మీద, కట్టడం ఎన్నేళ్లలో ఎటు వాలిందో గుర్తులు. గుండు నిలువుగానే ఉంటుంది. కదిలింది గుడి.

ఎందుకు వాలిందంటే దాని కింద అన్ని చోట్లా ఒకే మట్టి లేదు. అజ్తెకుల గుళ్లు ఉన్న చోట ఆ రాళ్ల బరువుకి మట్టి ముందే అణిగి గట్టిపడింది. పక్కనున్న చోట ఎన్నడూ బరువు మోయలేదు. బోర్ల వల్ల ఒత్తిడి తగ్గినప్పుడు, ముందే అణిగిన భాగం తక్కువ దిగింది, కొత్త భాగం ఎక్కువ దిగింది. 1980ల చివరికి కట్టడంలో ఒక మూలకీ ఇంకో మూలకీ రెండు మీటర్ల నాలుగు వందల మిల్లీమీటర్ల దాకా తేడా వచ్చింది. గుడి ఒకేలా మునిగితే ఇబ్బంది తక్కువ, మెట్లు కలుపుకోవచ్చు. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ దిగితేనే స్తంభాలు చీలతాయి.

బాగుచేసిన తీరు చూస్తే విషయమంతా అర్థమవుతుంది. కిందికి దిగిన వైపును లేపలేదు. అది కుదరదు. 1993 నుంచి 1998 వరకు, ఎత్తుగా మిగిలిన వైపు కింద బావుల్లాంటి గుంతలు తవ్వి, వాటిలోంచి అడ్డంగా సన్నటి గొట్టాలతో మట్టిని కొద్దికొద్దిగా లాగేశారు. ఎత్తున్న వైపు దిగి, పల్లం వైపుకి కాస్త దగ్గరయింది. తర్వాత మెత్తటి మట్టిలోకి గచ్చు ద్రావణం ఎక్కించి గట్టిచేశారు.

"నీళ్లు తిరిగి పంపిస్తే లేవదా?" అన్నాడు మావాడు బయట మెట్ల మీద కూర్చుని.

"మన రేగడి నేల వానకి ఉబ్బుతుంది కదా అని నీ అనుమానం."

"అదే."

అది న్యాయమైన అనుమానమే. రేగడి ఎండాకాలం బీటలు తీసి, వానకి మళ్లీ ఉబ్బుతుంది. కానీ మీ నానమ్మ పెరుగు గుడ్డలో కట్టి వేలాడదీసేది గుర్తుందా అన్నాను. నీళ్లు కారిపోయి ముద్దయ్యాక, ఆ ముద్దని గిన్నెడు నీళ్లలో వేస్తే మళ్లీ గడ్డపెరుగు అవుతుందా? ఈ సరస్సు మట్టిలో రేణువుల మధ్య పెద్ద పెద్ద ఖాళీలుంటాయి, పేక మేడలాగా. ఎన్నడూ మోయనంత బరువు పడితే ఆ మేడ కూలుతుంది. నీరు తిరిగొచ్చినా కూలిన మేడ లేవదు. కొంచెం పొంగుతుంది, పోయినదాంట్లో చిన్న వాటా. ఒత్తిడి మళ్లీ తెప్పిస్తే ఇకమీద దిగకుండా ఆపొచ్చు. దిగింది దిగినట్టే.

పైగా తోడకం తగ్గించడం ఈ ఊరికి మరీ కష్టం. కారణం కుంగుడే. నేల ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ దిగడంతో మంచినీటి గొట్టాలు అతుకుల దగ్గర విరుగుతాయి. సరఫరా చేసే నీటిలో నలభై శాతం దాకా లీకుల్లోనే పోతుందని అంచనా. పోయినదాన్ని పూడ్చడానికి మళ్లీ బోరే. కుత్సమాలా పథకం ద్వారా వంద కిలోమీటర్ల అవతలినుంచి, కిలోమీటరుకు పైగా ఎత్తు ఎక్కించి నీళ్లు తెస్తున్నా సరిపోవడం లేదు. మురుగుదీ ఇదే కథ. 1900లో ప్రారంభించిన గ్రాన్ కనాల్ వాలు మీద తనంతట తాను పారేది. ఊరు దిగాక వాలు పోయింది, ఇప్పుడు మోటార్లతో ఎత్తిపోయాలి. సరస్సును ఎండగట్టడానికి తవ్విన కాలవ, తన నీళ్లు తాను బయటికి పంపుకోలేక ఉంది.

హైదరాబాదులో, సీమలో వెయ్యి అడుగుల బోర్లు ఎండుతున్నా మన ఇళ్లు ఇలా కుంగవేంటని వాడు చివర్లో అడిగాడు. మన కింద చాలాచోట్ల గ్రానైటు. నీళ్లు రాతి పగుళ్లలో ఉంటాయి, పైబరువును మోసేది రాయే. పగులు ఖాళీ అయితే బోరు వట్టిపోతుంది, నేల మాత్రం నిలబడి ఉంటుంది. మనకి దక్కిన అదృష్టం అదొక్కటే, నీళ్లున్నాయని కాదు.

వచ్చేసే రోజు గది తాళం ఇస్తూ నిమ్మకాయ సంగతి చెప్పాం. మావాడి కొద్దిపాటి స్పానిష్‌తో. ఇంటావిడ నవ్వి, కొన్నేళ్లకోసారి తలుపుల అడుగున చిత్రిక పట్టిస్తానని, లేకపోతే నేలకి రాసుకుని తెరుచుకోవని చెప్పింది. తర్వాత మమ్మల్ని వరండాలో ఉన్న పెద్ద బీరువా దగ్గరికి తీసుకెళ్లి, వంగి దాని ఒక కాలి కింద చూపించింది. చెక్కలు ఒకదాని మీద ఒకటి నాలుగున్నాయి. అడుగున ఉన్నది నల్లగా మెరుస్తోంది. పైదానికి రంపం పెట్టిన చోట ఇంకా తెల్లగా ఉంది.