సగటు ధర చాటున వెయ్యి మోటార్లు

అప్పట్లో నేను మోటార్ల విభాగంలో ఖర్చుల లెక్కలు చూసేదాన్ని. మా సంస్థలోదే అయిన పంపుల విభాగం మూడు నెలలకు 3,000 మోటార్లు అడిగింది. పాత పద్ధతిలో మొత్తం ఖర్చు 850కి 10 శాతం కలిపి ఒక్కోటి 935 రూపాయలన్నాం. బయటి సరఫరాదారు 900కే ఇస్తానన్నాడు. పంపులవాళ్లు ఆర్డరు అతనికే ఇచ్చేయబోతుంటే, లెక్క తేల్చే పని నాకొచ్చింది.

ముందు ఆ 850ని విడదీశాను. ముడిసరుకు, కూలి, కరెంటు కలిపి 600. మిగతా 250 స్థిర ఖర్చుల వాటా. మోటారు చేసినా, చేయకపోయినా అది పోయేదే. కాబట్టి ఖాళీ సామర్థ్యం ఉన్నంతవరకు మా కనిష్ఠ ధర 600.

మరి ఖాళీ ఎంత? మేనేజరుగారు "మేం ఫుల్" అన్నారు. పనంతా ఆగేది మోటారుకు తీగ చుట్టే వైండింగ్ దగ్గరే కాబట్టి అక్కడి గంటల రిజిస్టరు తెప్పించాను. మూడు నెలల్లో 10,000 మోటార్లు చుట్టగలం, బయటి ఆర్డర్లు 8,000. అంటే ఖాళీ 2,000కే. మిగతా 1,000 ఇవ్వాలంటే బయటి అమ్మకం వదులుకోవాలి. మేం బయట అమ్మే ధర 1,000, అమ్మకపు ఖర్చు 50. ఆ 50, తయారీకయ్యే 600 పోగా మిగిలే 350 మేం వదులుకునే కంట్రిబ్యూషన్. దాన్ని 600కు కలిపితే ఈ వెయ్యికి కనిష్ఠం 950.

పంపులవాళ్ల గరిష్ఠం రెండింటిలో తక్కువది: బయట దొరికే ధర 900, లేదా పంపు అమ్మకం 2,200లోంచి వాళ్ల సొంత ఖర్చు 1,100 తీసేస్తే మిగిలే 1,100. కాబట్టి 900.

నేను పొరపడింది ఇక్కడే. మొత్తం 3,000కు సగటు కనిష్ఠం తీస్తే దాదాపు 717 వచ్చింది. 900 కన్నా బాగా తక్కువ కదా, అన్నీ మనమే ఇద్దామని నోట్ రాసేశాను. ఆ రాత్రి మళ్లీ చూసుకుంటే తప్పు తెలిసింది. చివరి వెయ్యికి కనిష్ఠం 950, గరిష్ఠం 900. వాటిని లోపలే ఇస్తే మోటారుకు 50 చొప్పున సంస్థకు 50,000 నష్టం. మొదటి 2,000 మీద వచ్చే లాభం ఆ నష్టాన్ని సగటులో కనబడనివ్వలేదు. పొద్దున్నే నోట్ వెనక్కి తీసుకున్నాను.

ఇక 2,000 మేమిచ్చి, మిగతా వెయ్యి బయట కొనాలి కాబట్టి, వెయ్యికైనా 900 ధరే ఉంటుందా అని సరఫరాదారుని రాతపూర్వకంగా అడిగించాం. ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే ఈ లెక్కంతా మళ్లీ వేయాల్సి వచ్చేది.

2,000 మోటార్ల ధర 600కూ 900కూ మధ్య ఎక్కడున్నా సంస్థకు మిగిలేది ఒకటే, 6 లక్షలు. బేరమంతా ఆ డబ్బు ఎవరి ఖాతాలో కనబడాలన్నదే. చివరికి 730 దగ్గర కుదిరింది: మాకు 2.6 లక్షలు, వాళ్లకు 3.4 లక్షలు. మావాళ్లు ఇంకాస్త అడగాల్సిందని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఒప్పందంలో ఒక షరతు పెట్టించాను: బయటి ఆర్డర్లు 8,000 దాటితే, ఆ దాటినన్ని మోటార్లకు మా కనిష్ఠం 950 అవుతుంది, వాటిని పంపులవాళ్లు బయట కొనుక్కోవాలి. అందుకే వైండింగ్ రిజిస్టరు ప్రతి నెలా ఇద్దరికీ వెళ్లేది.