ఆ రాత్రి మూడు గడులూ రంగు మారాయి

గత ఏడాది ఫిబ్రవరిలో ఓ రోజు పొద్దున్న లేచేసరికి నా కళ్ళ కింద సంచుల్లా వాపు కనిపించింది. సాయంత్రానికి ఆ వాపు పాదాలకు దిగి, చెప్పుల పట్టీ గుర్తులు చర్మంలో లోతుగా పడేవి. బాత్రూములో నీళ్ళు పోసినా నురగ పోయేది కాదు. గుంటూరులో మా ఇంటికి దగ్గర్లోనే ఒక డాక్టరు గారికి చూపించుకుంటే నిద్ర తక్కువైందన్నారు, ఉప్పు తగ్గించమన్నారు, నీళ్ళు పోయే మాత్ర రాశారు. మూడు వారాల్లో మూడుసార్లు వెళ్ళాను, నురగ సంగతి కూడా చెప్పాను. ఒక్కసారి కూడా మూత్రం పరీక్ష రాయలేదు. పేరు చెప్పను కానీ ఆ కోపం నాకింకా పోలేదు. నాలుగోసారి ఆయన దగ్గరికి కాకుండా మా అన్నయ్య నన్ను విజయవాడ సూర్యారావుపేటలో కిడ్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ సిస్టర్ నా మూత్రంలో రంగు మారే పరీక్ష స్ట్రిప్ ఒకటి ముంచి నిమిషం చూసి నేరుగా లోపలికి తీసుకెళ్ళింది. ఇరవై నాలుగు గంటల మూత్రంలో 6.8 గ్రాముల ప్రొటీన్ పోతోందని తేలింది. మామూలుగా రోజుకి 150 మిల్లీగ్రాములు దాటకూడదట. బయాప్సీ అయింది, మినిమల్ చేంజ్ అనే కిడ్నీ జబ్బు అన్నారు, స్టెరాయిడ్ రోజుకి 60 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. ఆరో వారానికి ప్రొటీన్ ఆగింది. అప్పుడు డాక్టరమ్మ నా చేతికి స్ట్రిప్పుల డబ్బా ఇచ్చి, "ఈ జబ్బు తిరగబెడుతుంది, రోజూ పొద్దున్న మొదటి మూత్రం చూసుకో, వరసగా మూడు రోజులు ప్రొటీన్ 3+ వస్తే ఫోన్ చెయ్యి" అన్నారు.

ఆ డబ్బాలో స్ట్రిప్పు మీద పది గడులుంటాయి. గడి రంగును డబ్బా మీది చార్టుతో పోల్చి 1+, 2+, 3+ అని చదవాలి, ప్లస్సులు పెరిగే కొద్దీ ఎక్కువ ఉన్నట్టు. నన్ను చూడమన్నది మూడే, ప్రొటీన్, షుగర్, రక్తం. ప్రొటీన్ గడి మొదట పసుపుగా ఉంటుంది, ప్రొటీన్ ఉంటే ఆకుపచ్చకు, ఇంకా ఎక్కువైతే నీలం కలిసిన ఆకుపచ్చకు తిరుగుతుంది. రక్తం గడి కూడా పసుపే, కొద్దిగా ఉంటే ఆకుపచ్చ చుక్కలు, ఎక్కువైతే ముదురు ఆకుపచ్చ. షుగర్ గడి మా డబ్బాలో నీలం పచ్చగా మొదలై గోధుమరంగుకు వెళ్తుంది. కంపెనీని బట్టి రంగులు మారతాయి కాబట్టి ఒక డబ్బా స్ట్రిప్పును ఇంకో డబ్బా చార్టుతో పోల్చకూడదు.

ఇక ఆ రాత్రి సంగతి. మే నెల, తెనాలిలో మా మేనకోడలి పెళ్ళి. అప్పటికి నా స్టెరాయిడ్ 30 మిల్లీగ్రాములకు దిగింది. రోజంతా నిలబడే ఉన్నాను, చెమటలు కారిపోతున్నా బయట బాత్రూములకి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు సరిగ్గా తాగలేదు. రాత్రి పదకొండు దాటాక ఇంటికొస్తే పాదాలు ఉబ్బి ఉన్నాయి. అవి చూసి భయం వేసింది, పొద్దుటి దాకా ఆగలేకపోయాను. బాత్రూములో స్ట్రిప్ ముంచి గూట్లో పెట్టాను. ఇంతలో మా అమ్మ ఫోన్, క్షేమంగా చేరారా అని. మాట్లాడి తిరిగి వచ్చేసరికి పది నిమిషాలైనా అయి ఉంటుంది. పసుపు బల్బు వెలుగులో చూస్తే ప్రొటీన్ గడి ముదురు ఆకుపచ్చ, చార్టులో 3+ దగ్గర. రక్తం గడి అంతా పచ్చ. షుగర్ గడి కూడా గోధుమరంగుగా కనిపించింది కానీ నా కళ్ళు దాని మీద ఆగలేదు.

మా ఆయన, తెలిసిన ఒక ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరుకి ఫోన్ చేశారు. ఆయన నిద్రమత్తులో, "మూడు ప్లస్, రక్తం కూడా అంటే కిడ్నీ పాడవుతున్నట్టేనండీ, ఎప్పటికైనా డయాలసిస్ తప్పదు, డబ్బు చూసుకోండి" అన్నాడు. స్పీకరు పెట్టి ఉంది, మా పాప కూడా వింది. పదమూడేళ్ళ పిల్ల ఏమీ అనకుండా వచ్చి నా పక్కన పడుకుంది. నేను మా ఆయనకి బీరువా తాళాలెక్కడున్నాయో, పాప పేరు మీద వేసిన డబ్బు కాగితాలెక్కడున్నాయో చెప్పడం మొదలుపెట్టాను. ఆయన వినలేక లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. మంగళగిరి పానకాల స్వామికి మొక్కుకున్నాను. తెల్లారేదాకా ఎవ్వరం నిద్రపోలేదు.

పొద్దున్న ఆరింటికి మొదటి మూత్రంతో మళ్ళీ చేశాను, ఈసారి పద్ధతిగా. కడిగి ఆరబెట్టిన కప్పు, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టడం, ఒక్క సెకను ముంచి తియ్యడం, అంచును కప్పుకి తాకించి ఎక్కువైంది కార్చెయ్యడం, ఒక గడి రంగు ఇంకో దాని మీదికి పారకుండా స్ట్రిప్పును అడ్డంగా పట్టుకోవడం. వరండాలో పగటి వెలుతురులో, గడియారం చూసుకుంటూ, షుగర్ గడి 30 సెకన్లకి, రక్తం, ప్రొటీన్ 60 సెకన్లకి. ప్రొటీన్ ట్రేస్, అంటే 1+ కూడా కాదు, ఆనవాలు మాత్రమే. షుగర్ లేదు. రక్తం గడి మాత్రం పచ్చగానే ఉంది.

తొమ్మిదింటికి డాక్టరమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ నా ఏడుపు విని, ముందు ప్రశ్నలు వేశారు. ముంచిన ఎంత సేపటికి చూశావు? ఆ రోజు ఎన్ని నీళ్ళు తాగావు? నెలసరి ఎప్పుడు? అప్పుడు గానీ నాకు తట్టలేదు, తెనాలిలో పొద్దున్నే నెలసరి మొదలైంది. ఆ హడావుడిలో రెండింటినీ కలిపి ఆలోచించనే లేదు. నెలసరి రోజుల్లో రక్తం గడి రంగు మారకపోతేనే ఆశ్చర్యం అన్నారావిడ, అది అయిపోయిన మూడు నాలుగు రోజుల దాకా ఆ గడిని పట్టించుకోవద్దన్నారు.

ప్రొటీన్ గురించి ఆవిడ చెప్పిన లెక్క నాకు బాగా అర్థమైంది. స్ట్రిప్పు చూసేది ఎంత ప్రొటీన్ పోయిందన్నది కాదు, ఎంత చిక్కగా ఉందన్నది. రోజుకి 3 గ్రాముల ప్రొటీన్ పోతోందనుకుంటే, అది ఒక లీటరు మూత్రంలో పోతే డెసీలీటరుకి 300 మిల్లీగ్రాములు, చార్టులో అది 3+. అదే ప్రొటీన్ మూడు లీటర్లలో పోతే 100 మిల్లీగ్రాములే, 2+ చూపిస్తుంది. కిడ్నీ రెండు రోజులూ ఒకేలా ఉంది, మారింది నీళ్ళే. నాలాగా చెమటకి ఎండిపోయిన రోజు కొద్దిపాటి ప్రొటీన్ కూడా పెద్దగా కనబడుతుంది, పైగా నిలబడి తిరిగిన రోజు సాయంత్రం కొంత ఎక్కువగా పోవడం కూడా ఉంటుందట. రివర్సులో, పరీక్ష ముందు లీటరు నీళ్ళు తాగితే నిజంగా తిరగబెట్టిన జబ్బు కూడా 1+ లాగా దాక్కుంటుంది. అందుకే ఆవిడ పొద్దుటి మొదటి మూత్రమే అడిగేది, అందుకే ఒక్క రోజు రంగు చూసి మందు మార్చరు. ఇక రెండు నిమిషాలు దాటాక గడి ఏ రంగుకి తిరిగినా దానికి అర్థం లేదు, అది పరీక్ష కింద లెక్క కాదు. నేను పది నిమిషాల తర్వాత చూసిన దాన్ని పట్టుకుని బీరువా తాళాలు అప్పజెప్పాను.

తర్వాత ఆవిడ, "మరి షుగర్ గడి?" అని అడిగారు. గోధుమరంగుగా ఉన్నట్టుందండీ, కానీ పొద్దున్న లేదు అన్నాను. ఆవిడ గొంతు మారింది. ఆ సాయంత్రం భోజనమైన రెండు గంటలకి మళ్ళీ స్ట్రిప్ పెట్టి సరిగ్గా 30 సెకన్లకి చూడమన్నారు. చూస్తే 2+. మర్నాడు లాబ్‌లో రక్తంలో షుగర్ పరగడుపున 94, మధ్యాహ్నం భోజనం తర్వాత 268. పొద్దున్న వేసుకునే స్టెరాయిడ్ మధ్యాహ్నం నుంచి షుగర్ పెంచుతుందట, తెల్లారేసరికి తగ్గుతుంది, కాబట్టి నేను రోజూ చూసే పొద్దుటి మూత్రంలో అది ఎప్పుడూ కనిపించలేదు. రక్తంలో సుమారు 180 దాటితేనే మూత్రంలోకి వస్తుంది కాబట్టి, గడి రంగు మారలేదంటే షుగర్ లేదని కాదు, ఆ మూత్రం తయారైన గంటల్లో 180 దాటి ఉండకపోవచ్చనే. ఎంత ఉందో కావాలంటే వేలు గుచ్చి చూడాల్సిందే. మధ్యాహ్నం భోజనంతో ఒక మాత్ర ఇచ్చారు. స్టెరాయిడ్ తగ్గే కొద్దీ షుగర్ కూడా దిగి, సెప్టెంబరులో రెండు మందులూ ఆగిపోయాయి.

అంటే ఆ రాత్రి మూడు గడుల్లో మేం భయపడిన రెండూ ఉత్తవే, మేం చూడనిదే నిజం. ఫోన్లో మాట్లాడిన డాక్టరు కూడా షుగర్ సంగతి అడగలేదు, ఎంత సేపటికి చూశావని అడగలేదు, నెలసరి గురించి అసలే అడగలేదు. మూడు ప్రశ్నలకి రెండు నిమిషాలు పడుతుంది. డాక్టరమ్మకి నేను జన్మంతా రుణపడి ఉంటాను, ఎందుకంటే ఆవిడ ధైర్యం చెప్పలేదు, ప్రశ్నలు అడిగారు. నెలసరి అయ్యాక మూత్రంలో ప్రొటీన్‌కీ, కిడ్నీ బయటికి పంపే క్రియాటినిన్ అనే వ్యర్థానికీ మధ్య నిష్పత్తి చేయించారు, 0.18 వచ్చింది. 0.2 లోపు ఉండాలట. ఈ నిష్పత్తికి నీళ్ళ తేడా పెద్దగా అంటదు, అందుకే స్ట్రిప్ మీద అనుమానం వచ్చినప్పుడల్లా ఇదే చేయిస్తారు.

ఇంట్లో స్ట్రిప్ వాడేవాళ్ళకి ఇంకో రెండు సంగతులు చెప్పాలి. బలానికి మంచిదని నేను చప్పరించే విటమిన్ సి బిళ్ళలు వాడేదాన్ని. అవి ఎక్కువగా వేసుకుంటే షుగర్, రక్తం గడులు రెండూ ఉన్నా లేనట్టు చూపిస్తాయని తర్వాత తెలిసి ఆపేశాను. డబ్బాని బాత్రూములో పెట్టకండి, తడిచేత్తో తియ్యకండి, మూత వెంటనే బిగించండి, లోపల ఉండే తేమ పీల్చే పొట్లం పారెయ్యకండి. మా గుంటూరు ఎండల్లో స్కూటర్ డిక్కీలో వదిలేసిన డబ్బాని నేను మళ్ళీ వాడలేదు, వందల రూపాయలు పోయినా సరే. తెరిచిన తేదీ మూత మీద రాసుకుంటాను.

మా అత్తయ్యకి పన్నెండేళ్ళుగా షుగర్. నా డబ్బాలోంచి ఒక స్ట్రిప్ తీసి చూసుకుని, "నాకు ప్రొటీన్ లేదు, కిడ్నీలు బంగారంలా ఉన్నాయి" అని ఆనందపడింది. నేను ఒప్పుకోలేదు. షుగర్ వాళ్ళకి కిడ్నీ దెబ్బ మొదలైనప్పుడు పోయే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ చాలా కొద్దిగా ఉంటుంది, ఈ స్ట్రిప్పు దాన్ని పట్టలేదు. పట్టుబట్టి లాబ్‌లో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చేయిస్తే గ్రాము క్రియాటినిన్‌కి 90 మిల్లీగ్రాములు వచ్చింది, 30 లోపు ఉండాల్సింది. ఇప్పుడు ఆవిడకీ మందు నడుస్తోంది. కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో ఏ గడీ చెప్పదు, దానికి రక్తంలో క్రియాటినిన్ చూడాల్సిందే.

మొక్కు అక్టోబరులో తీర్చుకున్నాం. కొండ మీద స్వామికి పానకం పోయించి, తీర్థం చెంచాడే తాగాను, పాప కూడా నాతోపాటు చెంచాడే తాగింది. డాక్టరమ్మ ఇప్పుడు వారానికి రెండు రోజులు చూసుకుంటే చాలన్నారు. పొద్దున్న ఆరింటికి వరండాలో నేను స్ట్రిప్ పట్టుకుంటే పాప పక్కన నిలబడి ఫోన్లో సెకన్లు లెక్కపెడుతుంది, అరవై అనగానే చార్టు తనే పైకి పట్టుకుంటుంది.