మనసులోని ఆందోళన తగ్గించుకునే పుస్తకం కొనేముందు

అట్ట మీది పొగడ్తలు పక్కనపెట్టి, భయపడే పనిని ఎలా మొదలుపెట్టమన్నారో ఆ పేజీలు చదవండి. పుస్తకం అసలు రంగు అక్కడే బయటపడుతుంది.

ఫోన్‌లో మాట్లాడాలంటే భయం అనుకుందాం. ఉత్త ఊకదంపుడు పుస్తకమైతే "నాకు భయం లేదు అని రోజూ అనుకోండి" అంటుంది. ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే మానసిక చికిత్సగా పరీక్షకు నిలిచిన సీబీటీ పద్ధతిని అనుసరించే పుస్తకం భయాలను 0 నుంచి 100 వరకు అంచనా వేసి మెట్లుగా రాయమంటుంది: స్నేహితుడికి ఫోన్ 20, దుకాణానికి 45, పై అధికారికి 80. కింది మెట్టుతో మొదలుపెట్టిస్తుంది. ఫోన్ చేసేముందు "అవతలివాళ్ళు విసుక్కుంటారు" లాంటి ఊహను రాయించి, తర్వాత నిజంగా ఏమైందో పక్కనే రాయిస్తుంది. అదే మెట్టును చాలాసార్లు చేయమంటుంది.

చాలా పుస్తకాలు తప్పేది ఇక్కడే: మాటలన్నీ ముందే కాగితం మీద రాసుకుని చదివేస్తే, గండం గట్టెక్కించింది ఆ కాగితమే అనిపిస్తుంది, భయం అలాగే ఉంటుంది. ఈ చాటుమాటు ఊతాలను మెల్లగా వదిలించే పుస్తకం రాసింది విషయం తెలిసినవాళ్ళే అనుకోవచ్చు.

ఇంకొకటి. చనిపోవాలన్న ఆలోచనలొస్తే పుస్తకం మూసి డాక్టర్ దగ్గరికి వెళ్ళమని చెప్పారా? "అందరికీ పనిచేస్తుంది, ఫలించకపోతే లోపం మీ సంకల్పానిదే" అని ఉంటే అక్కడే పెట్టేయండి. ఆందోళన ఉన్నవాళ్ళు ఆ నిందను ఇట్టే నమ్మేస్తారు.