వెనక ఫ్యాను మార్చిన శనివారం

నాలుగు రోజులుగా మేనల్లుడి కంప్యూటర్ వెనక ఫ్యాను గరగరమంటోంది. మొదట ఆన్ చేసిన అయిదు నిమిషాలు మాత్రమే ఉండేది, నిన్నటికి ఆగకుండా సాగింది. వేలితో రెక్కల మధ్య భాగాన్ని అటూ ఇటూ కదిపితే ఇరుసు వదులైనట్టు స్పష్టంగా తెలిసింది. దానికి నూనె వేసి రోజులు నెట్టుకురావడం నాకు ఇష్టం లేదు. ఇవాళ సెలవు కాబట్టి ఉదయమే హబ్సిగూడలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగాను. అక్కడినుంచి, కంప్యూటర్ సామాను దుకాణాలుండే పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గరే.

పాత ఫ్యానును విప్పి సంచిలో తీసుకెళ్లాను. చట్రం 120 మిల్లీమీటర్లు, ప్లగ్గుకు నాలుగు రంధ్రాలు. నేను అడిగినది అలాంటిదే, లైట్లు లేనిది. మొదటి రెండు దుకాణాల్లో అన్నీ రంగురంగుల లైట్లవే. మూడో దుకాణంలో పెద్దాయన ఒక నల్లటి ఫ్యాను తీసి, "సార్, సాదా ఫ్యాన్లలో మూడు పిన్నులదే ఉంది. మీ మదర్‌బోర్డుకు ఇదీ పడుతుంది" అన్నారు. ఆయన చెప్పింది నిజమే, పడుతుంది. పడిన తర్వాత చేయవలసిన పని ఒకటి ఉందని నాకు తెలుసు కాబట్టి, సరేనని తీసుకున్నాను.

మధ్యాహ్నం భోజనం అయ్యాక డబ్బా పక్క మూత తీసి, కరెంటు తీగ పీకేసి, పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి పట్టుకున్నాం. మేనల్లుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉన్నాడు. ఈసారి తానే బిగిస్తానన్నాడు. గాలి బయటికి పోయేలా ఫ్యానును సరిగ్గానే నిలబెట్టాడు, నాలుగు మరలూ బిగించాడు. తీగ కలిపే దగ్గర ఆగాడు.

"మామయ్యా, ప్లగ్గుకు మూడు రంధ్రాలు, బోర్డు మీద నాలుగు పిన్నులు. ఏ మూడింటికి పెట్టాలి?"

వాడి ప్రశ్న నాకు చాలా నచ్చింది. జవాబు చెప్పకుండా ప్లగ్గును వాడి చేతికే ఇచ్చి, ఫోను లైటు వేసి చూడమన్నాను. ప్లగ్గు ఒక ముఖం నున్నగా ఉంటుంది. రెండో ముఖం మీద నిలువునా రెండు సన్నని గట్లు ఉంటాయి, వాటి నడుమ ఒక గాడి ఏర్పడుతుంది. తర్వాత బోర్డు మీద SYS_FAN1 అని రాసి ఉన్నచోట చూడమన్నాను. నాలుగు పిన్నులు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి వెనక గోడలా ఒక ప్లాస్టిక్ పలక ఉంది. ఆ పలక నాలుగు పిన్నుల వెడల్పునా లేదు. మొదటి మూడింటి వెనకే ఉంది, నాలుగో పిన్ను వెనక ఖాళీ. ప్లగ్గు మీది రెండు గట్ల మధ్య ఆ పలక సరిగ్గా ఇమడాలి. అలా ఇమిడిందంటే మూడు రంధ్రాలూ మొదటి మూడు పిన్నుల మీదికే వెళ్తాయి, నాలుగోది ఒంటరిగా మిగులుతుంది. తిప్పి పెడితే గట్లు పలక వైపుకు రావు. ఒక పిన్ను పక్కకు జరిపితే గట్టు వెళ్లి పలకకే తగులుతుంది.

పక్కకు జరిగితే ఏమవుతుందని అడిగాడు. తీగల వరస చెప్పాను. మొదటిది నలుపు, అది గ్రౌండు. రెండోది 12 వోల్టులు. మూడోది ఫ్యాను తన వేగాన్ని బోర్డుకు చెప్పే తీగ. ఒక్క పిన్ను జరిగితే ఫ్యాను గ్రౌండు తీగ వెళ్లి 12 వోల్టుల పిన్ను మీద కూర్చుంటుంది, 12 వోల్టులు అందుకోవలసిన తీగ వేగం లెక్కపెట్టే పిన్ను మీదికి పోతుంది. ఫ్యాను తిరగదు, బోర్డులో వేగం చదివే భాగానికి హాని కలగవచ్చు. ఆ చిన్న పలక అక్కడ నిలబడింది దీన్ని ఆపడానికే. నాలుగు రంధ్రాల ప్లగ్గును మూడు పిన్నుల చోట పెట్టినా పద్ధతి ఇదే. పలక మూడింటికీ దారి చూపిస్తుంది, నాలుగో రంధ్రం పిన్నుల వరస దాటి గాలిలో ఉంటుంది.

అంతా విన్నాడు, తలూపాడు, అయినా ఒక పొరపాటు చేయబోయాడు. అందులో వాడి తప్పేమీ లేదు. SYS_FAN1 ఉన్నది ప్రాసెసర్ హీట్‌సింక్‌కూ వెనక గోడకూ మధ్య ఇరుకులో. వేళ్లు దూరడం కష్టం. బోర్డు అడుగు అంచున, చేతికి సులువుగా అందేచోట, మరో నాలుగు పిన్నుల వరస కనిపించింది. తీగ కూడా అక్కడికి అందింది. ప్లగ్గును దాని మీదికి తీసుకెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. అది JRGB1, లైట్ల పట్టీల కోసం పెట్టినది. పిన్నుల మధ్య దూరం ఫ్యానువాటికి ఉన్నంతే, 2.54 మిల్లీమీటర్లు. అందుకే ఫ్యాను ప్లగ్గు దాని మీద హాయిగా దిగిపోతుంది. అందులో ఒక పిన్ను 12 వోల్టులది, మిగతా మూడూ మూడు రంగులవి. గ్రౌండు పిన్ను అసలు లేదు. మరి దూరం నుంచి రెండింటికీ తేడా ఎలా చెప్పగలం? వెనక పలక లేదు. పలక కనిపించకపోతే అది ఫ్యాను చోటు కాదని అనుకోమని, బోర్డు మీద అచ్చువేసిన పేరు చదవకుండా ఏదీ గుచ్చవద్దని గట్టిగానే చెప్పాను. CPU_FAN సంగతి కూడా అప్పుడే చెప్పాను. ప్లగ్గు దానికీ పడుతుంది, కానీ అది ప్రాసెసర్ ఫ్యానుకే వదలాలి. ప్రాసెసర్ వేడిని చూసుకునే ఫ్యాను అక్కడ ఉందని బోర్డు నమ్ముతుంది. అక్కడ ఏమీ తిరగకపోతే చాలా బోర్డులు మొదలయ్యేటప్పుడే హెచ్చరిస్తాయి.

చివరికి పొడుగు పట్టకారుతో తీగను లోపలికి నడిపించి, గట్లు పలక వైపు ఉండేలా పట్టుకుని, వేలి కొసతో నొక్కాడు. సరిగ్గా కూర్చుంది.

ఆన్ చేయగానే గరగర లేదు. కానీ హోరు. గదిలో టేబుల్ ఫ్యాను పూర్తి వేగంతో పెట్టినంత గాలి చప్పుడు. మేనల్లుడి ముఖం వాడిపోయింది, ప్లగ్గు తప్పుగా పెట్టానేమోనని. తప్పు ప్లగ్గుది కాదు. దుకాణంలో నేను మనసులో పెట్టుకున్న పని ఇదే.

కంప్యూటర్ మళ్లీ మొదలవుతుండగా Del నొక్కి, బోర్డు అమరికలు మార్చే బయాస్‌లోకి వెళ్లాం. ఫ్యాన్ల పేజీలో SYS_FAN1 వేగం నిమిషానికి 1180 చుట్లని చూపిస్తోంది. వేడిని బట్టి వేగం మార్చే గీతను పట్టుకుని కిందికి లాగమన్నాను. లాగాడు. 1180 అలాగే ఉంది. ఇంకా లాగాడు, సంఖ్య 1176కు, మళ్లీ 1180కి వచ్చింది, అంతకు మించి కదలలేదు. అదే పేజీలో ముందరి ఫ్యాను గీతను లాగితే దాని సంఖ్య వెంటనే పడిపోయింది. అది నాలుగు పిన్నులది. అక్కడే సంగతి తేలిపోయింది. వేగం చూపించే మూడో తీగ పని చేస్తోంది, వేగం తగ్గించమనే మాట మాత్రం ఫ్యానుకు చేరడం లేదు.

ఎందుకు చేరడం లేదో వాడికి కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. ఆ చోటు PWM పద్ధతిలో పెట్టి ఉంది. ఆ పద్ధతిలో బోర్డు రెండో పిన్నుకు ఎప్పుడూ పూర్తి 12 వోల్టులు ఇస్తుంది. వేగం ఎంతో చెప్పే సంకేతం నాలుగో పిన్ను మీద వెళ్తుంది. సెకనుకు సుమారు 25,000 సార్లు ఆన్, ఆఫ్ అయ్యే అలలు, వాటిలో ఆన్ ఉన్న వంతును బట్టి ఫ్యాను తన వేగం నిర్ణయించుకుంటుంది. ఇంటెల్ రాసిన ప్రమాణంలో ఉన్న సంఖ్య అదే. మనిషి చెవికి సుమారు 20,000 దాటితే వినిపించదు, కాబట్టి ఆ సంకేతం వల్ల ఫ్యాను నుంచి కీచుమనే శబ్దం మనకు చేరదు. మన కొత్త ఫ్యానుకు నాలుగో తీగే లేదు. బోర్డు నెమ్మదించమని ఎంత చెప్పినా ఆ మాట ఒంటరి పిన్ను మీదే ఆగిపోతుంది. ఫ్యానుకు అందేది 12 వోల్టులు, దానికి తెలిసింది పూర్తి వేగం.

అదే చోట పద్ధతిని DC కి మార్చమన్నాను. అప్పుడు బోర్డు నాలుగో పిన్నును వదిలేసి, రెండో పిన్ను మీద వోల్టులనే తగ్గిస్తుంది. మార్చిన రెండు మూడు సెకన్లలో హోరు దిగిపోయింది. సంఖ్య 1180 నుంచి 900, 760, చివరికి 690 దగ్గర నిలిచింది. మేనల్లుడు డబ్బా వెనక చెయ్యి పెట్టి గాలి చూసుకుని నవ్వాడు. వాడి ముఖం చూశాక మెట్రోలో నిలబడి వచ్చిన అలసట పోయింది.

అక్కడితో ఆపకుండా గీతను మరీ కిందికి తెచ్చి చూశాం. తిరుగుతున్న ఫ్యాను 5 వోల్టుల దగ్గర కూడా తిరుగుతూనే ఉంది. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే మాత్రం రెక్కలు ఒక్కసారి అదిరి నిలిచిపోయాయి. నిలిచిన ఫ్యాను కదలాలంటే, తిరుగుతున్న ఫ్యానుకు కావలసిన దానికంటే ఎక్కువ వోల్టులు కావాలి. వోల్టులు తగ్గించే పద్ధతికి ఉన్న పరిమితి ఇదే, నాలుగు పిన్నుల ఫ్యాను మేలనిపించేది కూడా ఇక్కడే. దానికి 12 వోల్టులు ఎప్పుడూ అందుతూ ఉంటాయి కాబట్టి తక్కువ వేగంలోనూ మోటారుకు బలం ఉంటుంది. మేము కనీస స్థాయిని 6 వోల్టుల దగ్గర పెట్టి, మూడుసార్లు ఆపి ఆన్ చేశాం. మూడుసార్లూ వెంటనే తిరిగింది. F10 నొక్కి భద్రపరిచాం.

వేగం సంఖ్య ఎలా వస్తుందని రాత్రి భోజనం దగ్గర అడిగాడు. ఫ్యాను ఒక చుట్టు తిరిగితే మూడో తీగ మీద రెండు స్పందనలు పంపుతుంది. నిమిషానికి 690 చుట్లంటే సెకనుకు పదకొండున్నర చుట్లు, అంటే 23 స్పందనలు. బోర్డు వాటిని లెక్కపెడుతుంది, అంతే. వాడు వేళ్ల మీద లెక్క చూసుకుని సరేనన్నాడు.

మూత బిగించే ముందు ఒక తెల్ల టేపు ముక్క మీద "SYS_FAN1, మూడు పిన్నులు, DC, కనీసం 6 వోల్టులు" అని రాసి లోపలి వైపు అతికించాను. బోర్డు మీది బ్యాటరీ మార్చినా, బయాస్ కొత్తది ఎక్కించినా ఈ అమరిక పోయి మళ్లీ హోరు మొదలవవచ్చు. అప్పుడు నేను ఊళ్లో లేకపోయినా, మూత తీయగానే వాడికి కనిపిస్తుంది.