మోచేతి గుంటను పక్కపక్కన కాదు, పైనుంచి కిందికి చదవండి

పీజీ ప్రవేశ పరీక్షకు రెండోసారి సిద్ధమవుతున్నప్పుడు, మొదటి ఏడాది నమూనా పరీక్షల్లో తప్పు చేసిన ప్రశ్నలన్నీ ఒక నోటుబుక్కులోకి ఎక్కించాను. క్యూబిటల్ ఫోసా ఒక్కదాని మీదే ఐదు ఉన్నాయి. అలాగని ఆ పాఠం నాకు రాదా అంటే, అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పేవాణ్ణి. లోపలి వైపు నుంచి బయటికి మీడియన్ నరం, బ్రేకియల్ ధమని, బైసెప్స్ టెండన్, రేడియల్ నరం. ‘మీ బావ బిడ్డ రాలేదు’ అని గుర్తు కూడా పెట్టుకున్నాను. అయినా ఐదింటికి ఐదూ తప్పే. దేని పక్కన ఏముందో చదివాను తప్ప, దేని కింద ఏముందో చదవలేదు. ప్రశ్నలు వచ్చేది ఆ లోతులోంచే.

అది తెలిసింది నల్లగొండలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు. దేవరకొండ వైపు పల్లె నుంచి ఏడేళ్ల బాబును సాయంత్రం ఆరింటికి తీసుకొచ్చారు. పొద్దున చింతచెట్టు మీద నుంచి జారి, చాపిన అరచేతి మీద పడ్డాడు. ఊళ్లో ఎవరో మోచేతిని పూర్తిగా మడిచి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో గట్టిగా బిగించారు. “కట్టు కట్టినప్పటి నుంచి ఏడుపు ఆపడం లేదు సార్” అంది తల్లి. కట్టు కింద వేళ్లు పాలిపోయి చల్లగా ఉన్నాయి. మణికట్టు దగ్గర నాడి అందలేదు.

మా సీనియర్ ముందు కత్తెర అడిగారు, ఎక్స్‌రే తరువాత. గుడ్డ కత్తిరించి, మోచేతిని కొద్దిగా చాపి, సుమారు ముప్ఫై డిగ్రీల వంపులో నిలిపారు. కొన్ని నిమిషాలకు గోళ్ల కింద ఎరుపు వచ్చింది, నాడి సన్నగా అందింది. అప్పుడు ఆయన నన్ను, “ఎందుకు వచ్చిందయ్యా?” అని అడిగారు. నేను బావ, బిడ్డ అని లోలోపల వరుస చెప్పుకుంటూ నిలబడ్డాను.

జవాబు లోతులో ఉంది. మోచేతి ముందు చర్మం కింద మొదట వచ్చేది మీడియన్ క్యూబిటల్ సిర, మనం రక్తం తీసేది. దాని కింద బైసెప్స్ నుంచి లోపలి వైపుకు పరుచుకున్న పల్చటి పొర, బైసిపిటల్ అపోన్యూరోసిస్. సూది ధమనిలోకి దిగకుండా అడ్డుపడేది అదే. దాని కింద బ్రేకియల్ ధమని, మీడియన్ నరం. ఆ రెంటికీ ఎముకకూ మధ్య పరుపులాగా బ్రేకియాలిస్ కండరం. చాపిన చేతి మీద పడి హ్యూమరస్ కింది చివర విరిగితే, దాదాపు ఎప్పుడూ కింది ముక్క వెనక్కి పోతుంది, పై ముక్క కొన ముందుకు పొడుచుకొస్తుంది. అది బ్రేకియాలిస్‌ను చీల్చుకుని వస్తే ధమని, నరం ఆ కొన మీద బిగుసుకుపోతాయి. ఆ స్థితిలో మోచేతిని పూర్తిగా మడిచి కట్టు బిగిస్తే ధమని నలిగిపోక ఏమవుతుంది? నాడి తిరిగి అందింది మోచేతిని చాపినందుకే.

ఎక్స్‌రేలో కింది ముక్క వెనక్కి, బయటికి జరిగి ఉంది. అంటే పై ముక్క కొన ముందుకు, లోపలికి వచ్చింది. అక్కడ ఉన్నవి మీడియన్ నరం, ధమని. కింది ముక్క లోపలికి జరిగితే కొన బయటి వైపుకు వస్తుంది, అప్పుడు ప్రమాదం రేడియల్ నరానికి. పరీక్షలో ఎక్స్‌రే వర్ణన ఇచ్చి ఏ నరమని అడిగితే, కింది ముక్క ఎటు పోయిందో చూసి దానికి ఎదుటి దిక్కు వెతకండి.

తరువాత ఆయన బాబును బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టమన్నారు. రాలేదు. చిటికెడు ఉప్పు తీసుకున్నట్టు రెండు వేళ్ల మెత్తలు ఒకదానికొకటి ఆనాయి, అంతే. కొన కీళ్లు రెండూ వంగలేదు. చిటికెనవేలు కొన మాత్రం బాగానే వంగింది. దూదితో తాకితే అన్ని వేళ్లకూ స్పర్శ ఉంది. “మీడియన్ నరం సార్” అన్నాను. “మరి స్పర్శ ఎలా ఉంది?” అన్నారు. నా నోటుబుక్కులో రెండుసార్లు తప్పు చేసిన ప్రశ్న అచ్చంగా ఇదే.

మీడియన్ నరం ఫోసా దాటుతూ ప్రొనేటర్ టెరిస్ రెండు తలల మధ్య నుంచి కిందికి దిగుతుంది. ఆ దగ్గరలోనే దాని నుంచి యాంటీరియర్ ఇంటరాసియస్ నరం పుట్టి లోతుకు పోతుంది. అది నడిపేది ముంజేతి లోతు పొరలోని కండరాలను: బొటనవేలు కొనను వంచే ఫ్లెక్సర్ పోలిసిస్ లాంగస్, ఫ్లెక్సర్ డిజిటోరమ్ ప్రొఫండస్‌లో బయటి సగం, ప్రొనేటర్ క్వాడ్రేటస్. చర్మానికి కొమ్మ ఇవ్వదు. ప్రొఫండస్‌లో లోపలి సగం అల్నార్ నరానిది, కాబట్టే చిటికెనవేలు వంగింది. మీడియన్ నరమంతా మోచేతి దగ్గర దెబ్బతిని ఉంటే బొటనవేలి వైపు మూడున్నర వేళ్లకు స్పర్శ పోయేది. మణికట్టు దగ్గర దెబ్బతింటే స్పర్శ పోయినా బొటనవేలి కొన వంగేది. ఈ మూడు స్థాయిలను చెయ్యి బొమ్మ మీద మూడు అడ్డగీతలు గీసి రాసుకున్నాక నాకు మళ్లీ తప్పు పోలేదు.

మరో తికమక ఉంది. బొటనవేలి టెండన్ తెగినా కొన వంగదు. అప్పుడు మణికట్టును మనమే నెమ్మదిగా వెనక్కి వంచి చూడాలి. టెండన్ బాగుంటే బొటనవేలి కొన తనంతట అదే కాస్త ముడుచుకుంటుంది, తెగితే ముడుచుకోదు.

ఆ రాత్రి ఎముకను సరిచేసి, తీగలు గుచ్చి నిలబెట్టారు. నాకు అప్పగించిన పని గంటగంటకూ వేళ్లను నెమ్మదిగా చాపి చూడటం. నాడి అందుతోంది కదా, ఇదెందుకని విసుక్కున్నాను. వాపు వల్ల ముంజేతి ముందరి అరలో ఒత్తిడి పెరిగితే మొదట నలిగేది సన్న రక్తనాళాలు. పెద్ద ధమనిలో ఒత్తిడి అంతకన్నా ఎక్కువ కాబట్టి నాడి చాలాసేపు అందుతూనే ఉంటుంది. అన్నిటికన్నా ముందు చచ్చుబడేది ఎముకకు ఆనుకుని ఉన్న లోతు కండరాలు, అవే ప్రొఫండస్, పోలిసిస్ లాంగస్. వాటికి రక్తం ఇచ్చేది అల్నార్ ధమని నుంచి కామన్ ఇంటరాసియస్ మీదుగా వచ్చే యాంటీరియర్ ఇంటరాసియస్ ధమని. వేళ్లు చాపితే సాగేవి ఆ కండరాలే, అందుకే నొప్పి అక్కడ ముందుగా తెలుస్తుంది. సుమారు ఆరు గంటలు రక్తం అందకపోతే కండరం కోలుకోకపోవచ్చు. తరువాత అది నారగా మారి పొట్టిదైతే వేళ్లు పక్షి గోళ్లలా ముడుచుకుపోతాయి, మణికట్టు వంచితేనే చాచుకుంటాయి. 1881లో వోల్క్‌మన్ రాసిన వైకల్యం అదే. ప్రశ్నలో ‘నాడి అందుతోంది’ అని ఇచ్చారని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్‌ను కొట్టేయకండి. నేను అలా కొట్టేసి రెండు మార్కులు పోగొట్టుకున్నాను.

అరలోని ఒత్తిడిని కొలిస్తే చూడాల్సింది ఆ ఒక్క అంకె కాదు. డయాస్టాలిక్ పీడనం లోంచి దాన్ని తీసేస్తే ఎంత మిగిలింది అన్నది. ముప్ఫై మి.మీ. కన్నా తక్కువ మిగిలితే అర తెరవాలి. చిన్న పిల్లల్లో అంకె కోసం ఆగలేం. మందు వేసినా తగ్గని నొప్పి, పెరిగే అశాంతి, మళ్లీ మళ్లీ మందు అడగడం చూడాలి.

వెనుక అర గురించి ఒక్క మాట. రేడియల్ నరం లోతు కొమ్మ సుపినేటర్ దాటేలోపే ఎక్స్‌టెన్సర్ కార్పి రేడియాలిస్ లాంగస్‌కు కొమ్మ వెళ్లిపోయి ఉంటుంది. అందుకే లోతు కొమ్మ ఒక్కటే దెబ్బతింటే మణికట్టు పూర్తిగా వాలదు, బొటనవేలి వైపుకు వంగుతూ లేస్తుంది.

ఆ బాబుకు అర తెరవాల్సిన అవసరం రాలేదు. మూడో నెల చూపించుకోవడానికి వచ్చినప్పుడు మళ్లీ సున్నా చుట్టమన్నాను. బొటనవేలి కొన పూర్తిగా వంగింది, చూపుడువేలిది ఇంకా సగమే.