బరంపురం పట్టు: కుచ్చిళ్ల దగ్గర ఆగిపోయిన కుంభాలు

ఈ వారం అంచు మొత్తానికి నిలబడింది, కానీ కుచ్చిళ్లలో ఇంకా సతాయిస్తోంది. అమ్మ పెళ్లినాటి బరంపురం పట్టుచీరను, బొమ్మలు పుట్టించే ఏఐ మోడల్‌తో చెల్లి పోర్ట్రెయిట్ మీదికి తేవాలన్నది పని. ఫొటోలో చెల్లి చుడీదార్‌లో ఉంది, కాబట్టి చీరకట్టు మొత్తం మోడలే పుట్టించాలి. జాకెట్టు బాగా వచ్చింది. భుజం మీద పైట మడతలు అమ్మ పాత ఫొటోలో ఉన్నట్టే వచ్చాయి. రంగు కూడా సరిపోయింది. ఇక మిగిలినదంతా కింది అంచు గొడవే.

ఈ చీరను ఫోడా కుంభ అంటారు, జీఐ గుర్తింపు ఉన్న నేత. అంచు నుంచి చీర ఒంటిలోకి గోపురాల్లా పొడుచుకొచ్చే కుంభాల వరసే దీని గుర్తు. ఆ వరస పోతే అది ఏ ఊరి పట్టుచీరైనా కావచ్చు. మా ఇంట్లో చీర ఇంకా బీరువాలో ఉంది కాబట్టి టేపు పెట్టి కొలిచాను. ఒక కుంభం మొన నుంచి పక్క కుంభం మొనకు ఒకటిన్నర సెంటీమీటర్లు.

మొదటి సమస్య, కుంభాలు కరిగిపోయి అలల్లా రావడం. ప్రాంప్ట్ మార్చినా, స్టెప్పులు పెంచినా ఉపయోగం లేదు. లెక్క వేస్తే కారణం తెలిసింది. పోర్ట్రెయిట్ ఎత్తు 1024 పిక్సెళ్లు, అందులో నూటయాభై సెంటీమీటర్ల ఎత్తున్న చెల్లి దాదాపు 900. అంటే సెంటీమీటరుకు ఆరు పిక్సెళ్లు, ఒక కుంభానికి తొమ్మిది. స్టేబుల్ డిఫ్యూజన్ తరహా మోడళ్లలో వీఏఈ అనే భాగం ముందు బొమ్మను నిలువునా అడ్డంగా ఎనిమిదో వంతు గడులకు కుదిస్తుంది, చివర్లో మళ్లీ బొమ్మగా విప్పుతుంది. కుంభం మొత్తం దాదాపు ఒకే ఒక్క గడిలో పడుతోందన్నమాట. మొన, పాదం, మధ్య ఖాళీ, అన్నీ ఆ గడిలోనే ఇరుక్కోవాలి. మోడల్‌ని తిట్టే ముందు ఈ పరీక్ష చేయండి. డిఫ్యూజన్ ఏమీ లేకుండా, అసలు చీర ఫొటోను వాడబోయే సైజుకు తగ్గించి, వీఏఈలోకి పంపి వెనక్కి తీయాలి:

```python
import torch
from diffusers import AutoencoderKL

# x: 1x3xHxW, విలువలు -1 నుంచి 1
vae = AutoencoderKL.from_pretrained("stabilityai/sd-vae-ft-mse")
with torch.no_grad():
    z = vae.encode(x).latent_dist.mean
    y = vae.decode(z).sample
```

`y`లోనే కుంభాలు చెరిగిపోయి ఉంటే ఆ సైజులో ఏ సెట్టింగూ వాటిని బతికించదు. నాకు తొమ్మిది పిక్సెళ్ల దగ్గర మొనలు గుండ్రంగా మారి పక్కపక్కవి అతుక్కున్నాయి. అందుకే చీర అడుగున యాభై సెంటీమీటర్ల భాగాన్ని మాత్రమే కత్తిరించి, దాన్ని 1024 పిక్సెళ్లకు పెంచి మళ్లీ నడిపాను. ఇప్పుడు కుంభానికి ముప్పై పిక్సెళ్లు, అంటే దాదాపు నాలుగు గడులు. మొనలు నిలబడ్డాయి. ఫ్లక్స్ అనే కొత్త మోడల్ వీఏఈ కూడా ఎనిమిదో వంతుకే కుదిస్తుంది, కానీ ఒక్కో గడికి నాలుగు బదులు పదహారు ఛానెళ్లు ఇస్తుంది. సన్నని నేతలకు నా ఓటు దానికే. నా కార్డులో మెమరీ చాలక ప్రస్తుతానికి పాతదానితోనే సర్దుకుంటున్నాను.

రెండోది అసలు మొండిది. కుంభాలు శుభ్రంగా వచ్చాయని అమ్మకు చూపిస్తే ఒక్క చూపులోనే చెప్పేసింది. "కుచ్చిళ్లలో కుంభాలు అలా వరసగా రావురా. మడత దగ్గర తెగాలి. ఇది కుచ్చిళ్ల బొమ్మ మీద అంచు గీసినట్టుంది."

సరిగ్గా అదే జరుగుతోంది. మోడల్‌కు అంచు అంటే ఎడమ నుంచి కుడికి సాగే ఒక పట్టీ. మడతల నీడలు వేస్తుంది, వాటి మీదుగా కుంభాలను తెంపు లేకుండా నడిపిస్తుంది. నిజం గుడ్డలో ఏమవుతుందో చీరతోనే చూశాను. అమ్మ పెట్టే కుచ్చిలి వెడల్పు పన్నెండున్నర సెంటీమీటర్లు. పోను, రాను కలిపి ఒక్కో కుచ్చిలి పాతిక సెంటీమీటర్ల గుడ్డ తింటుంది. ముందు నుంచి చూస్తే ఒక్కోదాంట్లో కనిపించేది రెండు సెంటీమీటర్లే. మిగతా ఇరవైమూడు లోపల దాక్కుంటాయి. పాతిక సెంటీమీటర్లలో పదహారు కుంభాలు పోగా ఒక సెంటీమీటరు మిగులుతుంది. కాబట్టి ఒక కుచ్చిలి కుంభం మొదటి నుంచి మొదలైతే, పక్కది ఒక సెంటీమీటరు లోపలి నుంచి, ఆ పక్కది అర సెంటీమీటరు నుంచి మొదలవ్వాలి. మోడల్ బొమ్మలో ఇది తిరగబడుతోంది. అది కనిపించే రెండు సెంటీమీటర్లనే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ముందు అర, తర్వాత ఒకటి.

చేత్తో పెట్టే కుచ్చిలి అర సెంటీమీటరు అటూ ఇటూ అయితే గుడ్డలో ఒక సెంటీమీటరు మారిపోతుంది, కాబట్టి ఖచ్చితంగా ఈ అంకెలే రావాలని లేదు. మడత గీత దగ్గర కుంభం సగంలో తెగి, పక్కన ఇంకో చోటు నుంచి మొదలవడమే ముఖ్యం. ఎవరి బొమ్మనైనా ఇలాగే పరీక్షించవచ్చు. మడత గీత వెంట కన్ను పెట్టి, ఇటువైపు సగం కుంభం అటువైపు సగంతో చక్కగా అతుక్కుంటోందా అని చూడండి. ప్రతి మడతలో అతుక్కుంటే అది గుడ్డ కాదు.

అందుకే ఇప్పుడు మోడల్ చేత అంచు వేయించడం మానేశాను. కింది భాగాన్ని సాదా పట్టుగుడ్డగా పుట్టించమంటున్నాను, మడతలూ నీడలూ మాత్రమే తీసుకుంటున్నాను. అంచేమో అసలు చీరదే. ఇస్త్రీ చేసి, మేడ మీద నీడలో పరిచి, కెమెరా నిటారుగా పైనుంచి పెట్టి తీసిన ఫొటో. ఎండలో తీస్తే పట్టు మెరుపు కూడా ఫొటోలో పడి, తర్వాత కొత్త నీడలతో కొట్టుకుంటుంది. ఆ పట్టీ నుంచి పాతిక సెంటీమీటర్లకు ఒకటి చొప్పున రెండేసి సెంటీమీటర్ల ముక్కలు తీసి, ఒక్కో కుచ్చిలికి ఒక్కో లేయర్‌గా, ముందున్న కుచ్చిలి పైన వచ్చేలా పేర్చాను.

ఆ ముక్కలను మడతల వెంట వంచడానికి, బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ క్రిటాలోని మెష్ ట్రాన్స్‌ఫార్మ్ వాడాను. ఈ పనికి జింప్‌లోని డిస్‌ప్లేస్ ఫిల్టర్ నాకు నచ్చదు. అది మ్యాపులోని వెలుగును బట్టి పిక్సెళ్లను జరుపుతుంది, కానీ చీరలో ముదురు రంగు ప్రతిదీ మడత కాదు కదా. నీడల లేయర్‌ను మల్టిప్లైలో వేశాను. అదొక్కటే వేస్తే పట్టు నూలు చీరలా చచ్చుబడిపోతుంది, అందుకని మెరుపులను మాత్రం విడిగా తీసి స్క్రీన్‌లో పైన వేశాను.

ఇప్పుడు తెంపులు సరిగ్గా పడుతున్నాయి. అమ్మ కూడా ఒప్పుకుంది. అయినా ముక్కలు స్టిక్కర్లు అంటించినట్టే ఉన్నాయి. నా అంచనా, మెష్ గడులు అన్నీ సమానంగా ఉండటమే కారణం. కుచ్చిలి ముందుభాగం గుండ్రంగా తిరుగుతుంది. గుడ్డ మనకు ఎదురుగా ఉన్నచోట కుంభం పూర్తి వెడల్పుతో కనిపించాలి, అరవై డిగ్రీలు పక్కకు తిరిగినచోట సగమే కనిపించాలి. అంటే అంచులకు వెళ్లేకొద్దీ మెష్ నిలువు గీతలు దగ్గరపడాలి. ఎడమవైపు రెండు కుచ్చిళ్లకు ఇలా చేసి చూశాను, వెంటనే గుడ్డలా మారాయి. మధ్య కుచ్చిళ్లలో మాత్రం గుండ్రం ఎక్కడ మొదలవుతుందో మోడల్ నీడను బట్టి చెప్పడం కష్టంగా ఉంది. దానికి తోడు అంచు అడుగు గీత కూడా వంకర తిరగాలి, ముందుకొచ్చిన కుచ్చిలి కాస్త కిందికి, వెనకది పైకి.

వచ్చే ఆదివారం అమ్మ చేత చీరను మానెకిన్‌కు కట్టించి, ఎడమ కిటికీ వెలుతురులో కుచ్చిళ్లను దగ్గరగా తీయాలి. చెల్లి ఫొటోలో వెలుగు కూడా ఎడమవైపు నుంచే ఉంది, కాబట్టి ఆ నీడలనే నేరుగా మల్టిప్లైకి వాడొచ్చు. ఇది తేలాక కోరాపుట్ వైపు కోట్‌పాడ్ చీర పడతాను. మందపాటి నూలు, ఆల్ చెట్టు వేరు రంగు, మడతలు తక్కువ, ఒక్కోటీ పెద్దది. కుంభానికి వేసిన లెక్క అక్కడ కొత్తగా వేయాలి. సంబల్‌పురి బంధ చీర ఆ తర్వాతే. అది నేతకు ముందే దారాలకు కట్టి రంగులద్దే ఇకత్. అందులో రంగుల హద్దులు పుట్టుకతోనే మసకగా ఉంటాయి కాబట్టి వీఏఈ తప్పు ఏదో, నేత గుణం ఏదో విడదీయాలంటే ముందు పదునైన అంచుల మీద చెయ్యి తిరగాలి.